మూడు నిమిషాల పిచ్: సమయానికే ముగించినా "ఇది ఎవరి కోసం?" అనే ప్రశ్న ఎందుకు వస్తుంది

సమస్య, పరిష్కారం, అభ్యర్థన అనే మూడు భాగాలతో స్క్రిప్టు సిద్ధంగా ఉందనీ, కళాశాల స్టార్టప్ పోటీలో దాన్ని ఒకరే వేదికపై చెబుతారనీ అనుకుని ఇది రాస్తున్నాను. అభ్యర్థన అంటే పోటీల్లో అందరూ ఆస్క్ అని పిలిచే చివరి భాగం.

లక్షణం: గంట మోగుతుంది, అభ్యర్థన మిగిలిపోతుంది

కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే. స్క్రిప్టును గొంతెత్తి చదవకుండా, కంటితో చదివి "మూడు నిమిషాలు వస్తుంది" అని తేల్చేసి ఉంటారు. నిమిషానికి 130 నుంచి 150 పదాలన్న లెక్క ఇంగ్లీషు ప్రసంగాలది. తెలుగులో విభక్తులూ ప్రత్యయాలూ మాటలోనే కలిసిపోయి పదం పొడవవుతుంది కాబట్టి ఆ లెక్కతో రాసిన తెలుగు స్క్రిప్టు తప్పకుండా గడువు దాటుతుంది. అంకెలు ఇంకా మోసగిస్తాయి: కాగితం మీద 2,47,500 చిన్నగానే కనిపిస్తుంది గానీ నోటితో పలకడానికి ఒక చిన్న వాక్యమంత సమయం తీసుకుంటుంది.

నిలబడి, స్టాప్‌వాచ్ పెట్టుకుని, వేదికపై పలికే గొంతుతోనే చదవండి. 2 నిమిషాల 40 సెకన్లకు ముగియాలి. మిగిలిన 20 సెకన్లు స్లైడు మారడానికీ, ఊపిరి తీసుకోవడానికీ, ఒక మాట తడబడితే సర్దుకోవడానికీ సరిపోతాయి. ఎక్కువైతే వేగం పెంచకుండా సమస్య భాగంలో కోత పెట్టండి, ఎందుకంటే అవసరానికి మించిన వాక్యాలు ఎప్పుడూ అక్కడే పోగుపడతాయి. ఇంత తేలికైన పరీక్షను పోటీ ముందురోజు రాత్రి వరకు ఎవరూ చేయకపోవడం నాకు ఇప్పటికీ అర్థం కాదు.

లక్షణం: సమయం సరిపోయింది, చెప్పిన తీరూ బాగుంది, కానీ న్యాయనిర్ణేతలు మొదటి ప్రశ్నగా "ఇది ఎవరి కోసం?" అనో, "వాళ్ళు దీన్ని ఎందుకు వాడతారు?" అనో అడిగారు

ఈ ప్రశ్న విన్న బృందం సాధారణంగా పరిష్కారం సరిగా అర్థం కాలేదని భావించి, యాప్ తెరల బొమ్మలు మరో రెండు చేర్చి, ఇంకాస్త సాధన చేసి, తరువాతి పోటీలో మళ్ళీ అదే ప్రశ్న ఎదుర్కొంటుంది. లోపం చెప్పడంలో ఉండదు. సమస్య భాగంలో బాధపడే మనిషి ఒకరు, పరిష్కారాన్ని రోజూ వాడవలసిన మనిషి మరొకరు, అభ్యర్థన వల్ల మేలు జరిగేది ఇంకెవరికో. ప్రతి పేరా విడిగా చదివితే బాగానే ఉంటుంది కాబట్టి రాసినవారికి ఇది కనిపించదు. మూడు భాగాలను ముగ్గురు సభ్యులు పంచుకుని రాసినప్పుడు, లేదా ఆలోచన మధ్యలో మారినా సమస్య పేరా మొదటి ప్రతిలోదే మిగిలిపోయినప్పుడు ఇలా జరుగుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ప్రయోగశాల పరికరాలు ఎక్కడ ఖాళీగా ఉన్నాయో చూపే యాప్ ఒకటి ఉందనుకోండి. స్క్రిప్టు ఇలా మొదలవుతుంది: "ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థికి ఆసిలోస్కోప్ కావాలి. పక్క విభాగంలో అది ఖాళీగానే ఉంది, కానీ ఆ సంగతి అతనికి తెలియదు." పరిష్కారం: "ల్యాబ్ ఇన్‌చార్జి ప్రతి పరికరం వివరాలూ యాప్‌లో నమోదు చేస్తారు. విద్యార్థి వెతుక్కుంటాడు." అభ్యర్థన: "ఈ యాప్‌ను అన్ని కళాశాలలకూ తీసుకెళ్ళడానికి మీ సహకారం కావాలి."

ప్రతి భాగానికీ ఎదురుగా ఒక కాగితం మీద ముగ్గురిని రాయండి: ఇబ్బంది ఎవరిది, రోజూ పని చేయవలసింది ఎవరు, అడిగింది దొరికితే ఎవరి పరిస్థితి మారుతుంది. ఇక్కడ ఇబ్బంది విద్యార్థిది, నమోదు చేసే శ్రమ ఇన్‌చార్జిది, సహకారం దొరికితే మారేది బృందం పరిస్థితి. పరికరం పాడైతే జవాబు చెప్పుకోవలసింది కూడా ఇన్‌చార్జే. తనకు శ్రమా భయమూ తప్ప ఏమీ మిగల్చని యాప్‌ను ఆయన ఎందుకు నింపుతాడన్నదే న్యాయనిర్ణేత అడిగిన ప్రశ్న. దానికి స్క్రిప్టులో జవాబు లేదు.

సవరణ వాక్యాలు దిద్దడంతో జరగదు. ఒక మనిషిని ఎంచుకుని మూడు భాగాలనూ ఆ మనిషి చుట్టూ తిరగరాయాలి. ఎవరు పని మానేస్తే మొత్తం ఆగిపోతుందో వారినే ఎంచుకోవాలి. మన ఉదాహరణలో అది ఇన్‌చార్జి. అప్పుడు స్క్రిప్టు ఇలా మారుతుంది.

సమస్య: "ల్యాబ్ ఇన్‌చార్జి నమ్మకం మీద పరికరం ఇస్తారు, రిజిస్టరులో పేరు రాయించుకుంటారు. ఏడాది చివర స్టాక్ తనిఖీ వచ్చినప్పుడు, కనబడని పరికరం ఎవరి దగ్గరుందో ఆ రిజిస్టరు చెప్పలేకపోతే జవాబు ఆయనే చెప్పుకోవాలి. అందుకే అడిగినవారికి లేదనడమే ఆయనకు క్షేమం."

పరిష్కారం: "పరికరం మీద అంటించిన క్యూఆర్ కోడ్‌ను తీసుకునే విద్యార్థి తన ఫోనుతో స్కాన్ చేసి, పరికరం స్థితిని ఫొటో తీస్తాడు. ఇన్‌చార్జి ఆమోదిస్తే చాలు. ఏది ఎవరి దగ్గర, ఏ స్థితిలో ఉందో ఆయనకు ఎప్పుడైనా తెలుస్తుంది. తిరిగి వచ్చినవి ఖాళీ జాబితాలో అందరికీ కనిపిస్తాయి."

అభ్యర్థన: "రెండు విభాగాల ల్యాబుల్లో ఒక సెమిస్టరు నడపడానికి అనుమతి కావాలి. మొదటి రోజునా చివరి రోజునా, ఎవరి దగ్గరుందో తెలియని పరికరాలు ఎన్నో లెక్కించి మీకు చూపిస్తాం."

విద్యార్థి ఇబ్బంది ఎక్కడికీ పోలేదు. ఖాళీ జాబితా రూపంలో అదీ తీరుతోంది. నమోదు చేసే శ్రమ మాత్రం దానివల్ల లాభం పొందేవాడి చేతికి వెళ్ళింది. గమనిస్తే ఇక్కడ స్క్రిప్టుతో పాటు ఉత్పత్తి కూడా కొంచెం మారింది. ఇలా జరగడం మామూలే, అందుకే ఈ పరీక్షను పోటీకి వారం ముందైనా చేయాలి.

బాధపడేవారూ వాడేవారూ నిజంగానే వేరైన ఆలోచనలు ఉంటాయి. రోగి బాధకు నర్సు వాడే పరికరం అలాంటిదే. అప్పుడు ఇద్దరినీ ఉంచుకోవచ్చు గానీ, రెండోవారికి కలిగే లాభమేమిటో పరిష్కారం మొదటి వాక్యంలోనే చెప్పాలి. ఆ వాక్యం రాయలేకపోతే లోటు ఆలోచనలోనే ఉందని తెలుస్తుంది.

లక్షణం: చప్పట్లు కొట్టారు, ఎవరూ ఏమీ ఇవ్వలేదు

"మీ సహకారం, మార్గదర్శనం కావాలి" అని ముగించారేమో చూడండి. ఎదుటివారు అవుననో కాదనో చెప్పగలిగినదే అభ్యర్థన. ఏం కావాలి, ఎంతకాలం, చివర ఏం చూపిస్తారు అనే మూడూ అందులో ఉండాలి. డబ్బు అడిగితే మొత్తంతో పాటు అది దేనికి ఖర్చవుతుందో ఒక్క వాక్యంలో చెప్పండి. గదిలో కూర్చున్నవారు ఇవ్వగలిగినదే అడగండి. కళాశాల అధ్యాపకులు న్యాయనిర్ణేతలైతే పెట్టుబడికన్నా ల్యాబు అనుమతి తొందరగా దొరుకుతుంది.

ఇతర కారణాలు

మైకు మొరాయించడం, స్లైడు రిమోటు పనిచేయకపోవడం, గొంతు వణకడం వంటివాటి వల్ల పిచ్ ఓడిపోవడం అరుదు. స్లైడ్లు తెరుచుకోకపోయినా చెప్పగలిగేలా స్క్రిప్టు ఉంటే చాలు. న్యాయనిర్ణేతకు మీ రంగం మీదే ఆసక్తి లేకపోతే దానికి స్క్రిప్టులో మందు లేదు.