వార్ఫరిన్ పుస్తకం నుంచి పట్టిక దాకా – 3వ పాఠం: ఈ ఐఎన్ఆర్ ఏ డోసుది?

రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ డోసులనూ, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే ఐఎన్ఆర్ అంకెలనూ ఇంటి పుస్తకంలోంచి పట్టికలోకి ఎక్కించే ఈ పాఠాల్లో ఈ వారం కొత్త గడులు నేర్పాలనుకున్నాను. పోయిన పాఠం చదివి మీరు పంపిన పట్టికలు చూశాక ఆ ఆలోచన పక్కన పెట్టాను. చాలామంది ఒకే చోట తడబడ్డారు. తేదీ, డోసు, ఐఎన్ఆర్ అని మూడు గడులే చెప్పి వదిలేసింది నేనే కాబట్టి తప్పు నాది.

మా అమ్మ పుస్తకంలోని ఈ నాలుగు నమోదులు చూడండి. ఆమెకు మైట్రల్ స్థానంలో లోహపు కవాటం ఉంది. డాక్టరుగారు ఫైలులో రాసిన లక్ష్యం 2.5–3.5.

"మార్చి 3: 2.1. సోమ, శుక్రవారాలు 5, మిగతా రోజులు 4."
"మార్చి 17: 2.7. అదే."
"ఏప్రిల్ 7: 4.2. పంటికి మెట్రోనిడజోల్ వాడాం. ఈ రాత్రి వద్దన్నారు."
"ఏప్రిల్ 14: 2.9. అదే."

మీలో చాలామంది మొదటి వరుసను "మార్చి 3, వారానికి 30 మి.గ్రా., 2.1" అని రాశారు. పుస్తకంలో పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి అలా రాయాలనిపిస్తుంది. కానీ ఆ 2.1 వచ్చింది 30 మి.గ్రా. వల్ల కాదు. అప్పటిదాకా రోజూ 4 చొప్పున, వారానికి 28 వేసుకున్నందువల్ల. 30 అన్నది ఆ రిపోర్టు చూశాక డాక్టరుగారు మార్చిన డోసు. మీ వరుసను కొత్త డాక్టరు చూస్తే "30 వేసినా 2.1 దగ్గరే ఉంది" అనుకుని ఇంకా పెంచవచ్చు. నాకు టెన్షన్ పెట్టేది ఇదే.

ఇంకొంచెం వివరంగా చెబుతాను. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన కొన్ని ప్రోటీన్లను కాలేయం కొత్తగా తయారుచేయకుండా వార్ఫరిన్ అడ్డుకుంటుంది. రక్తంలో అప్పటికే ఉన్నవి వాటి కాలం తీరాకే తగ్గుతాయి. అందుకే ఈ రాత్రి డోసు మారిస్తే రేపటి ఐఎన్ఆర్‌లో అది కనిపించదు. రెండు మూడు రోజులకు కదలిక మొదలవుతుంది. పూర్తి ప్రభావం తెలియడానికి వారం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. కాబట్టి ప్రతి ఐఎన్ఆర్ పక్కన ఉండాల్సింది దానికి ముందు ఏడు రాత్రులు నిజంగా మింగిన మందు మొత్తం. తర్వాతి డోసుకు వేరే గడి పెట్టండి.

| రక్తం ఇచ్చిన తేదీ (2025) | ముందు 7 రాత్రుల మొత్తం, మి.గ్రా. | ఐఎన్ఆర్ | లక్ష్యం | ఆ తర్వాత వారానికి, మి.గ్రా. | గమనిక |
|---|---|---|---|---|---|
| మార్చి 3 | 28 | 2.1 | 2.5–3.5 | 30 | 4వ తేదీ రాత్రి నుంచి |
| మార్చి 17 | 30 | 2.7 | 2.5–3.5 | 30 | – |
| ఏప్రిల్ 7 | 30 | 4.2 | 2.5–3.5 | 30 | ఏప్రిల్ 1–5 మెట్రోనిడజోల్. 7 రాత్రి మాత్ర లేదు |
| ఏప్రిల్ 14 | 25 | 2.9 | 2.5–3.5 | 30 | – |

ఏప్రిల్ 14 వరుసలో 25 ఎలా వచ్చిందంటే: 7వ తేదీ సోమవారం సున్నా, మంగళ, బుధ, గురు వారాలు 4 చొప్పున 12, శుక్రవారం 5, శని, ఆదివారాలు 8. డాక్టరుగారు చెప్పిన 30ని అలాగే ఎక్కించి ఉంటే, ఒక పూట ఆపిన సంగతి కనబడేది కాదు. ఏప్రిల్ 7 వరుస కూడా గమనించండి. డోసు అదే 30, ఐఎన్ఆర్ మాత్రం 4.2. గమనిక గడిలో యాంటీబయాటిక్ రాయకపోతే వార్ఫరిన్ డోసే ఎక్కువైందనిపిస్తుంది. మెట్రోనిడజోల్ వార్ఫరిన్ ప్రభావాన్ని బాగా పెంచుతుంది.

లక్ష్యం గడిలో కొందరు 0.8–1.2 రాశారు. ల్యాబ్ రిపోర్టులో అచ్చువేసే ఆ అంకెలు ఈ మందు వాడనివారివి. లక్ష్యాన్ని డాక్టరుగారి ఫైలు నుంచే తీసుకోండి. గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్న చాలామందికి అది 2–3 ఉంటుంది. మా అమ్మ అంకెలు మీ ఇంట్లోవాళ్లకు వర్తించవు.

పుస్తకంలో "రెండు మాత్రలు" అని ఉంటే వెంటనే మి.గ్రా.లోకి మార్చకండి. వార్ఫరిన్ 1, 2, 5 మి.గ్రా. మాత్రలుగా దొరుకుతుంది. అప్పటి స్ట్రిప్పో, మందుల చీటీనో చూశాకే రాయండి. రెండూ లేకపోతే "రెండు మాత్రలు, బలం తెలియదు" అనే ఉంచండి.

అభ్యాసం: మీ పుస్తకంలోని ఆఖరి ఆరు నెలలు తీసుకోండి. ప్రతి పరీక్ష తేదీ నుంచి వెనక్కి ఏడు రాత్రులు లెక్కపెట్టండి. పరీక్ష రోజు రాత్రి మాత్రను కలపవద్దు, ఎందుకంటే రక్తం ఇచ్చింది దానికి ముందే. మరిచిన మాత్రలకు సున్నా వేయండి. పట్టికలో ఏ ఐఎన్ఆర్ లక్ష్యం బయట కనబడినా మీరే డోసు మార్చకండి, ఆ వరుస డాక్టరుగారికి చూపించండి. నల్లటి విరేచనం, ఆగని ముక్కు రక్తం, తలకు దెబ్బ లాంటివి ఉంటే పట్టిక పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.