సెలక్షన్ పరుగుకు ముందు మోకాలు: చిప్ప నొప్పికీ, లోపల తెగినదానికీ తేడా తెలుసుకోండి

కానిస్టేబుల్, అగ్నివీర్ సెలక్షన్ల కబురు రాగానే తిరుపతిలో తెల్లవారుజామున యూనివర్సిటీ గ్రౌండు నిండిపోతుంది. పదిహేను రోజులు తిరగకముందే మోకాలు పట్టుకుని కూర్చునేవాళ్లు మొదలవుతారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "లిగమెంట్ తెగిందా?" ఎక్కువమందికి తెగి ఉండదు. తెగినవాళ్లలో కొందరు మాత్రం వాపు దిగింది కదా అని మళ్లీ పరుగుకు వచ్చేస్తారు. అసలు ప్రమాదం వీళ్లకే.

ముందు చిప్ప నొప్పి సంగతి. ఇది ఒక దెబ్బతో రాదు, మెల్లగా మొదలవుతుంది. ఏ రోజు మొదలైందని అడిగితే కచ్చితంగా చెప్పలేరు. ఎక్కడ నొప్పి అంటే ఒక వేలితో చూపించలేక, అరచేతిని చిప్ప మీద పెట్టి గుండ్రంగా తిప్పుతారు. మెట్లు దిగేటప్పుడు, గొంతుకు కూర్చున్నప్పుడు, బస్సులో గంటసేపు మోకాలు ముడుచుకుని కూర్చుని లేచినప్పుడు ఎక్కువవుతుంది. వాపు ఉండదు, ఉన్నా నామమాత్రమే. కిర్రుమనే శబ్దం రావచ్చు, నొప్పి లేకుండా వచ్చే శబ్దానికి భయపడాల్సిన పని లేదు. ఇరవై ఏళ్లవాడికి "గుజ్జు అరిగిపోయింది" అని ఎవరైనా అంటే అంత సులభంగా నమ్మకండి.

ఎందుకొస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. పంతొమ్మిదేళ్ల కుర్రాడు, బరువు 62 కిలోలు. వారానికి నాలుగు రోజులు మూడేసి కిలోమీటర్లు, అంటే మొత్తం 12 పరుగెత్తేవాడు. తేదీ దగ్గర పడిందని ఆరు రోజులు ఐదేసి కిలోమీటర్లకు పెంచాడు. 12 కాస్తా 30 అయింది. అది చాలదన్నట్టు ఆదివారం అలిపిరి మెట్లెక్కి, బస్సు ఖర్చెందుకని నడిచే దిగాడు. మెట్లు దిగేటప్పుడు చిప్ప వెనక పడే ఒత్తిడి శరీర బరువుకు దాదాపు మూడు రెట్లు ఉంటుంది. ఇతని లెక్కలో మెట్టు మెట్టుకూ 180 కిలోలు దాటుతుంది, మెట్లేమో మూడున్నర వేలు. ఎక్కేటప్పుడు మోకాళ్ల పర్వతం దగ్గర ఆయాసం వస్తుంది కాబట్టి మనిషి ఆగుతాడు. దిగేటప్పుడు ఆయాసం రాదు, అందుకే ఆగడు. మూడో వారానికి రెండు చిప్పలూ నొప్పెట్టాయి. లోపల ఏదీ తెగలేదు, అలవాటు లేని బరువు ఒక్కసారిగా పడిందంతే.

తెగిన మోకాలి కథ వేరు. రోజు, క్షణం కూడా గుర్తుంటాయి. కబడ్డీలో తిరగబోయినప్పుడో, లాంగ్ జంప్‌లో కాలు వంకరగా పడినప్పుడో పాదం నేలకు అతుక్కుని పైన ఒళ్లు తిరుగుతుంది. లోపల 'టప్' మన్నట్టు వినిపించి, ఒకటి రెండు గంటల్లోనే మోకాలు బంతిలా ఉబ్బితే లోపల రక్తం చేరినట్టు అనుమానించాలి. ఇలా రక్తం చేరడానికి ఏసీఎల్ అనే ముందువైపు లిగమెంట్ తెగడమే పెద్ద కారణం. రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ చిరిగితే వాపు సాధారణంగా నిదానంగా, మర్నాటికి కనిపిస్తుంది. నొప్పి చిప్ప చుట్టూ కాకుండా పక్కన, తొడ ఎముకా కాలి ఎముకా కలిసే గీత మీద ఉంటుంది, వేలితో చూపించగలరు. చిరిగిన ముక్క మధ్యలో ఇరుక్కుంటే కాలు పూర్తిగా చాపలేరు.

"మోకాలు జారిపోతోంది" అనే మాట ఇద్దరూ అంటారు, తికమక ఇక్కడే. ఎప్పుడు జారుతోందని అడగాలి. నేరుగా మెట్లు దిగుతుంటే నొప్పి చురుక్కుమని తొడ కండరం ఒక్క క్షణం వదిలేస్తే, అది ఎక్కువగా చిప్ప నొప్పి. పక్కకు తిరిగినప్పుడు, వెనక్కి మళ్లినప్పుడు ఎముక మీద ఎముక కదిలినట్టు అనిపిస్తే లిగమెంట్‌ను అనుమానించాలి.

ఇంట్లో రెండు పరీక్షలు చేసుకోవచ్చు. చాప మీద వెల్లకిలా పడుకుని రెండు కాళ్లూ చాపండి. చిప్పకు రెండు పక్కలా ఉండే చిన్న గుంటలు రెండు కాళ్లకూ ఒకేలా ఉన్నాయా, ఒక కాలికి పూడిపోయాయా చూడండి. పూడితే లోపల నీరో రక్తమో చేరినట్టు. తర్వాత మంచం మీద బోర్లా పడుకుని, మోకాళ్ల కింది భాగం మంచం బయటికి వచ్చేలా జరిగి కాళ్లు వదిలేయండి. ఒక మడమ రెండోదానికంటే ఎత్తుగా ఉంటే ఆ కాలు పూర్తిగా చాపుకోవడం లేదన్నమాట. దెబ్బ తగిలిన మోకాలి మీద మాత్రం గుంజీలు తీసి, మెలితిప్పి పరీక్షించకండి. చిరిగినది ఇంకా చిరుగుతుంది.

లిగమెంట్ తెగినవాడు రెండు మూడు వారాలకు మామూలుగా నడుస్తాడు, ట్రాక్ మీద నేరుగా పరుగెత్తగలడు కూడా. అందుకే పరుగెత్తగలిగితే మోకాలు బాగున్నట్టే అనుకోవడం తప్పు. నేరుగా పరుగెత్తేటప్పుడు ఆ లిగమెంట్‌కు పెద్ద పని పడదు. లాంగ్ జంప్ దిగేటప్పుడు మోకాలు మళ్లీ జారవచ్చు, ఈసారి మెనిస్కస్ కూడా పోవచ్చు. షాపులో కొని మోకాలికి తొడుక్కునే నీ క్యాప్ ఆ జారడాన్ని ఆపలేదు. నొప్పి ఇంజెక్షన్ వేయించుకుని గ్రౌండుకు వెళ్లడం అంతకంటే చెడ్డది.

మన జిల్లాల్లో పుత్తూరు కట్టు మాట కూడా చెప్పాలి. చిప్ప నొప్పిలో విరిగిన ఎముక ఉండదు, కట్టడానికి ఏమీ లేదు. ఇరుక్కున్న మోకాలిని బలవంతంగా లాగి చాపడం, ఉబ్బినదాని మీద బిగించి కట్టడం ఎవరు చేసినా ప్రమాదమే.

ఇక చిప్ప నొప్పికి ఏం చేయాలి? పూర్తిగా మంచం ఎక్కితే తొడ కండరం ఇంకా సన్నబడుతుంది. పై ఉదాహరణలోని కుర్రాడు మళ్లీ వారానికి 12 కిలోమీటర్లకు రావాలి, చదును నేల మీదే పరుగెత్తాలి. కొండెక్కితే బస్సులో దిగాలి. పదికి మూడు దాటని నొప్పి, మర్నాడు పొద్దుటికి తగ్గిపోయే నొప్పి అయితే పరుగు కొనసాగించవచ్చు. మర్నాటికి కూడా నిలిస్తే నిన్నటి మోతాదు ఎక్కువైనట్టు. రెండు వారాలు అలా కుదురుకున్నాక కొద్దికొద్దిగా పెంచుకోవాలి.

అంగలు కుదించడం బాగా పనిచేస్తుంది, ఖర్చు లేదు. కుడిపాదం అర నిమిషంలో ఎన్నిసార్లు నేల తాకిందో లెక్కపెట్టండి. 39 వస్తే అదే వేగంలో 41 చేయండి. రెండే ఎక్కువ, కానీ అడుగు శరీరానికి దగ్గరగా పడి చిప్ప మీద భారం తగ్గుతుంది.

రోజు విడిచి రోజు రెండు వ్యాయామాలు చేయండి. పక్కకు పడుకుని పై కాలిని మోకాలు మడవకుండా ఎత్తి దించడం ఒకటి. జానెడు కంటే తక్కువ ఎత్తున్న మెట్టు మీద ఒంటికాలితో నిలబడి, రెండో మడమను మూడు లెక్కపెట్టేంత నిదానంగా నేలకు ఆనించి లేవడం రెండోది. పదేసి చొప్పున మూడు విడతలు. అద్దం ముందు చేయండి, మోకాలు లోపలికి వాలిపోతుంటే మెట్టు ఎత్తు తగ్గించండి. ఫలితానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. కాబట్టి నోటిఫికేషన్ రాకముందే మొదలుపెట్టినవాడికే ఇవి సెలక్షన్ నాటికి అక్కరకొస్తాయి.

దెబ్బ తగిలాక నాలుగడుగులు వేయలేకపోయినా, మోకాలు తొంభై డిగ్రీలు మడవలేకపోయినా, చాపిన కాలిని పైకి ఎత్తలేకపోయినా, గంటల్లో ఉబ్బినా, చాపుకోకుండా ఇరుక్కున్నా ఆ రోజే ఎముకల డాక్టరు చూడాలి. బర్డ్, రుయా లాంటి ఆసుపత్రులు ఊళ్లోనే ఉన్నాయి. మోకాలు ఎర్రబడి వేడెక్కి జ్వరం వచ్చినా అంతే. రాత్రి నిద్రలో లేపే నొప్పినీ నాన్చకూడదు.

స్కూలు పిల్లల విషయం కొంచెం వేరు. పదకొండు నుంచి పదిహేనేళ్లవాళ్లకు చిప్ప కింద, కాలి ఎముక మీద బుడిపెలా లేచి నొక్కితే నొప్పెడితే అది ఎదిగే వయసులో వచ్చేది, మోతాదు తగ్గిస్తే సర్దుకుంటుంది. కానీ ఆ ఈడు పిల్లాడు మోకాలు నొప్పంటూ కుంటుతూ, పాదం బయటికి తిప్పి నడుస్తుంటే, మోకాలిని పట్టి చూస్తే ఏమీ దొరకకపోతే, తుంటిని అనుమానించాలి. తుంటి బంతి జారితే నొప్పి మోకాలిలో తెలుస్తుంది. అలాంటివాణ్ని నడిపించకుండా తీసుకెళ్లి, ఆ రోజే తుంటికి ఎక్స్‌రే తీయించండి.