ఉద్యోగుల సర్వే, ఎగ్జిట్ ఇంటర్వ్యూల నుంచి పైకి కనపడని వేధింపులను పట్టుకోవడం ఎలా?

ఫిర్యాదులు రావట్లేదు కాబట్టి మా ఆఫీసులో వేధింపులు లేవని చాలామంది హెచ్‌ఆర్ వాళ్లు అనుకుంటారు. సర్వే స్కోరు కూడా బాగానే ఉంటే ఆ నమ్మకం ఇంకా గట్టిపడుతుంది. అయితే సర్వేకి జవాబిచ్చేది ఉద్యోగంలో ఉన్నవాళ్లే. తట్టుకోలేనివాళ్లు అప్పటికే వెళ్లిపోయి ఉంటారు. కాబట్టి టీమ్ లీడ్ ఎంత మందిని తరిమేస్తే ఆ టీమ్ స్కోరు అంత బాగా కనపడే ప్రమాదం ఉంది. ఉన్నవాళ్లు చెప్పిన మాటల్నీ, వెళ్లినవాళ్ల వివరాల్నీ పక్కపక్కన పెట్టి చూస్తేనే అసలు విషయం బయటపడుతుంది.

1. సర్వేలో "వేధింపు" అని అడగకండి, జరిగిన పని గురించి అడగండి

"మిమ్మల్ని ఎవరైనా వేధిస్తున్నారా?" అంటే చాలామంది లేదనే అంటారు. ఆ మాట ఒప్పుకోవడమే అవమానంగా ఉంటుంది. పైగా తమకు జరుగుతున్నది అంత పెద్ద మాటకు సరిపోతుందా అన్న సందేహం కూడా ఉంటుంది. నార్వేలోని బెర్గెన్ యూనివర్సిటీ పరిశోధకులు తయారుచేసిన నెగటివ్ యాక్ట్స్ క్వశ్చనైర్ ఈ చిక్కును బాగా దాటింది. అందులోని 22 ప్రశ్నల్లో ఆ మాట ఎక్కడా రాదు. గత 6 నెలల్లో ఫలానా పని మీకు ఎన్నిసార్లు జరిగిందని మాత్రమే అడుగుతుంది. ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, నెలకోసారి, వారానికోసారి, రోజూ అని ఎంచుకునే వీలుంటుంది.

మీ సర్వేకి ఇలాంటివి 5 ప్రశ్నలు చాలు. అందరి ముందూ చులకన చేయడం, పనికి కావలసిన సమాచారం దాచిపెట్టడం, పూర్తి చేయలేనంత పని ఇచ్చి గడువు పెట్టడం, మాట్లాడకుండా దూరం పెట్టడం, పాత తప్పుల్ని పదేపదే ఎత్తిచూపడం. ప్రతిదానికీ అది చేసింది పైఅధికారా, తోటి ఉద్యోగా, కస్టమరా అన్నది కూడా అడగండి. ఇది వదిలేస్తే ఫోన్లో తిట్టే కస్టమర్లూ, క్యాబిన్లో తిట్టే మేనేజరూ ఒకే లెక్కలో కలిసిపోతారు.

10 మంది కంటే తక్కువ జవాబులున్న ఏ గుంపు ఫలితాన్నీ విడిగా చూపించకండి. టీమ్‌లో ఉన్న ఇద్దరు మహిళల జవాబుల్ని విడదీస్తే ఎవరు ఏం చెప్పారో లీడ్‌కి ఇట్టే తెలిసిపోతుంది. వచ్చే ఏడాది ఎవరూ నోరు విప్పరు.

2. ఎగ్జిట్ ఇంటర్వ్యూని రిలీవింగ్ లెటర్ చేతికి వచ్చాకే పెట్టండి

మన దగ్గర ఎగ్జిట్ ఫారాల్లో "బెటర్ ఆపర్చునిటీ", "హయ్యర్ స్టడీస్", "పర్సనల్ రీజన్స్" అని నిండిపోయి ఉంటాయి. నోటీస్ పీరియడ్‌లో ఉన్న మనిషికి రిలీవింగ్ లెటర్ రావాలి, ఫైనల్ సెటిల్‌మెంట్ పడాలి, కొత్త కంపెనీ వాళ్లు వెరిఫికేషన్‌కి ఫోన్ చేస్తే ఇక్కడివాళ్లు మంచిగా చెప్పాలి. ఇన్ని ఈ కంపెనీ చేతిలో ఉండగా లీడ్ గురించి నిజం ఎవరు చెప్తారు? అందుకే ఇవన్నీ అయిపోయాక, 3 నెలలు ఆగి, ఆ లీడ్‌తో ఏ సంబంధమూ లేని మనిషి ఫోన్ చేసి మాట్లాడాలి. "ఎందుకు మానేశారు?" కంటే "మానేద్దామని మొదటిసారి ఎప్పుడనిపించింది, ఆ వారం ఏం జరిగింది?" అన్న ప్రశ్నకు ఎక్కువ చెప్తారు.

ఫోన్లో చెప్పకపోయినా రికార్డులు కొంత చెప్తాయి. వేరే ఉద్యోగం చేతిలో లేకుండానే మానేశారా? పాత లీడ్ దగ్గర మంచి రేటింగ్ ఉండి, కొత్త లీడ్ వచ్చాక ఒక్కసారిగా పడిపోయిందా? వెళ్లేముందు టీమ్ మార్చమని అడిగారా? అడిగి దొరకనివాళ్లనూ, టీమ్ మారి కంపెనీలోనే ఉన్నవాళ్లనూ లెక్కలోకి తీసుకోండి.

3. టీమ్ పేరుతో కాకుండా, అప్పటి లీడ్ పేరుతో లెక్క తీయండి

చాలా చోట్ల లెక్క తప్పేది ఇక్కడే. ఉదాహరణకి హైదరాబాద్‌లో 216 మంది ఉన్న ఒక కస్టమర్ సపోర్ట్ కంపెనీ అనుకుందాం. 12 టీములు, టీముకి 18 మంది. 2 ఏళ్లలో 72 మంది మానేశారు, అంటే టీముకి సగటున 6. టీముల వారీగా చూస్తే ఎఫ్ టీమ్‌లో 8, బి టీమ్‌లో 9. ఇది పెద్ద విశేషం కాదు. సగటు 6 ఉన్నప్పుడు 12 టీముల్లో ఒకటీ రెండూ 9 దాకా వెళ్లడం మామూలే.

ఇప్పుడు మానేసిన రోజున ప్రతి మనిషికీ ఎవరు లీడ్‌గా ఉన్నారో రాసి చూడండి. ఒకే లీడ్ మొదటి ఏడాది ఎఫ్ టీమ్‌లో, రెండో ఏడాది బి టీమ్‌లో ఉన్నారు. ఎఫ్‌లో మానేసిన 8 మందిలో 7 మంది మొదటి ఏడాదిలో వెళ్లారు. బిలో 9 మందిలో 7 మంది రెండో ఏడాదిలో వెళ్లారు. మొత్తం 14. సగటు 6 ఉన్నచోట 14 గానీ, అంతకంటే ఎక్కువ గానీ యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం ఎంతో స్ప్రెడ్‌షీట్‌లో ఇలా తెలుస్తుంది:

```
=1-POISSON.DIST(13,6,TRUE)
```

జవాబు సుమారు 0.0036. 12 మంది లీడ్లలో ఎవరికో ఒకరికి ఇలా పడే అవకాశం కూడా 100లో 4 వంతులే. స్నేహితులు కలిసి మానేసే అలవాటు ఉంటే ఈ లెక్క ఆ అవకాశాన్ని అసలు కంటే తక్కువ చేసి చూపిస్తుంది, కాబట్టి దీన్ని రుజువుగా తీసుకోకండి. ఎక్కడ చూడాలో చెప్పడానికి మాత్రం ఇది చాలు.

4. వేరే కారణాలు తోసిపుచ్చి, సర్వేతో కలిపి చూడండి

ఎఫ్ నైట్ షిఫ్ట్, బి డే షిఫ్ట్ అయితే షిఫ్ట్ వల్లే మానేశారని చెప్పలేం. జీతాలు, క్లయింట్, ఆఫీసు దూరం ఇలాగే ఒక్కొక్కటీ చూడండి. ఆ తర్వాత సర్వేకి రండి. మిగతా టీముల్లో 15, 16 మంది జవాబిస్తే ఇప్పటి బి టీమ్‌లో 11 మందే ఇచ్చారనుకుందాం. ఆ 11 మందిలో 4గురు "వారానికోసారైనా అందరి ముందూ చులకన చేశారు, చేసింది పైఅధికారే" అన్నారు. జవాబివ్వని 7గురిని మర్చిపోవద్దు. మిగతా ప్రశ్నలన్నిటికీ జవాబిచ్చి, పైఅధికారి గురించిన ఒక్క ప్రశ్నే వదిలేసినవాళ్లు ఎవరైనా ఉంటే, ఆ ఖాళీ కూడా ఒక సమాచారమే.

5. విచారణ వేరు, శిక్ష వేరు

ఈ అంకెలు చూపించి ఆ లీడ్‌ని తీసేస్తే అది అన్యాయం. పైవాళ్లు మోయలేని టార్గెట్లు పెట్టి కష్టమైన టీములన్నీ ఆ ఒక్కరికే అప్పగించి ఉండొచ్చు. బయటి వ్యక్తితో విచారణ చేయించండి. వెళ్లినవాళ్లలో ఒప్పుకున్నవాళ్లతో మాట్లాడించండి. తేదీలు, మెసేజ్‌లు, రేటింగ్ రికార్డులు చూడనివ్వండి, లీడ్ చెప్పేదీ వినండి. సర్వే కామెంట్లు ఎవరు రాశారో వెతికే పని ఎవరికీ ఇవ్వకండి. లైంగిక వేధింపుల మాట వస్తే మాత్రం 2013 చట్టం ప్రకారం ఇంటర్నల్ కమిటీకి వెళ్లే దారి ఆ మనిషికి స్పష్టంగా చెప్పాలి. పదీ అంతకు మించి ఉద్యోగులున్న చోట ఆ కమిటీ తప్పనిసరి.

ఆరు నెలల తర్వాత అవే ప్రశ్నల్ని అవే మాటలతో మళ్లీ అడగండి. ముందు జవాబిచ్చిన వాళ్ల సంఖ్య చూడండి, స్కోరు తర్వాత. బి టీమ్‌లో 11 కాస్తా 16 అయి, "అవును" అన్నవాళ్లు కూడా పెరిగితే కంగారుపడి సర్వే ఆపేయకండి. ఇన్నాళ్లూ జవాబివ్వని వాళ్లు ఇప్పుడు చెప్తున్నారేమో చూడాలి. ఆ తర్వాత రెండు విడతల్లో కూడా ఆ అంకె తగ్గకపోతే, అప్పుడు మీరు తీసుకున్న చర్య పనిచేయలేదని లెక్క.