ఫైల్స్ తీసుకుని మాయమైన క్లయింట్ దగ్గర బ్యాలెన్స్ రాబట్టాలంటే

ఫ్రీలాన్సర్లకు ఒక మాట. పోయినేడాది వెబ్‌సైట్ అప్పగించాక ఒక క్లయింట్ ఫోన్ ఎత్తడం మానేశారు. 30,000 రూపాయలు బాకీ. వాట్సాప్‌లో బతిమాలడం ఆపి, వాళ్ల అకౌంట్స్ విభాగానికి మెయిల్ పెట్టాను. ఇన్‌వాయిస్, ఫైల్స్ అందాయన్న వాళ్ల మెసేజ్, చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర నమోదైన నా ఉద్యమ్ నంబర్ జత చేశాను. చిన్న వ్యాపారాల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం ఒప్పందం ఏదైనా చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదనీ, దాటితే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ పడుతుందనీ, వారంలో ఇవ్వకపోతే ఇలాంటి బాకీల గొడవలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్తాననీ రాశాను. ఆరో రోజున డబ్బు పడింది.

డెలివరీ అయిన 15 రోజుల్లో వాళ్లు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే పని అంగీకరించినట్టే లెక్క. అందుకే అప్పగించిన తేదీ మెయిల్‌లో ఉండాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ మాత్రం పని ఒప్పుకోకముందే చేయించుకోండి, ఉచితమే. తర్వాత చేయిస్తే పాత బిల్లుకు ఈ దారి కష్టం.