సొంత బ్రాండ్ పిండి బాగా అమ్ముడవుతోంది, మరి లాభం ఎందుకు పెరగలేదు?

సూపర్ మార్కెట్ చైన్ కొన్ని స్టోర్లలో సొంత బ్రాండ్ పిండి, చక్కెర, పప్పులు పెట్టి చూసి, మిగతా స్టోర్లకు విస్తరించాలా వద్దా అని తేల్చుకోవాల్సిన సమయంలో ఎక్కువగా కనిపించే సమస్యలివి. మొదటిదే అసలైనది కాబట్టి దాని మీదే ఎక్కువ మాట్లాడతాను.

సమస్య: సొంత బ్రాండ్ మార్జిన్ శాతం ఎక్కువే, అమ్మకాలూ బాగున్నాయి, కానీ కేటగిరీ మొత్తం లాభం తగ్గింది

కారణం చాలాసార్లు ఒకటే. మార్జిన్‌ను శాతంలో చూస్తున్నారు, ప్యాకెట్‌కు మిగిలే డబ్బులో చూడటం లేదు.

పెద్ద బ్రాండ్ 5 కిలోల పిండి ప్యాకెట్ అమ్మకపు ధర 100 అనుకుందాం. కొన్న ధర 86, మార్జిన్ 14 శాతం. సొంత బ్రాండ్ ధర 75, మనకు పడేది 62. మార్జిన్ 13, అంటే 17 శాతం పైనే. రిపోర్టులో సొంత బ్రాండే మెరుగ్గా కనిపిస్తుంది. అయితే పెద్ద బ్రాండ్ కంపెనీ ఏడాది చివర ఇచ్చే రిబేటు ప్యాకెట్‌కు 3 పడుతుంది. అది వేరే ఖాతాలో జమవుతుంది కనుక చాలామంది లెక్కలోకి తీసుకోరు. కలిపితే అక్కడ మిగిలేది 17. సొంత బ్రాండ్‌లో చిరిగినవి, గడువు దగ్గరపడి తగ్గించి అమ్మినవి మన నష్టమే. దానికి ప్యాకెట్‌కు 1 తీసేస్తే మిగిలేది 12. అంటే పాత కస్టమర్ ఒకరు పెద్ద బ్రాండ్ వదిలి మన ప్యాకెట్ తీసుకున్న ప్రతిసారీ 5 పోతోంది.

ట్రయల్ స్టోర్లలో ఇంతకుముందు నెలకు 1000 ప్యాకెట్లు పోయేవి, లాభం 17,000. ఇప్పుడు పెద్ద బ్రాండ్ 700, సొంత బ్రాండ్ 400. లాభం 11,900 ప్లస్ 4,800, మొత్తం 16,700. తగ్గింది 300 మాత్రమే అనిపిస్తుంది. కానీ సొంత బ్రాండ్ పెట్టని, ఇలాంటివే అయిన స్టోర్లలో అదే నెల పిండి అమ్మకం 5 శాతం పెరిగింది. అంటే మనం ఏమీ చేయకపోయినా ఇక్కడ 1050 ప్యాకెట్లు, 17,850 లాభం వచ్చేవి. అసలు లోటు 1,150. ఈ పోలిక స్టోర్లు లేకుండా చేసిన ట్రయల్‌ను నేను నమ్మను. సీజన్ వల్ల పెరిగిందేదో, మన బ్రాండ్ తెచ్చిందేదో విడదీయడానికి ఇంకో దారి లేదు.

పరిష్కారం: ముందు ధర చూడండి. 25 శాతం తేడా ఇవ్వాల్సిన అవసరం నిజంగా ఉందా? కొన్ని స్టోర్లలో 80కి పెట్టి చూడండి. నష్టం తీసేశాక మిగిలేది 17, పెద్ద బ్రాండ్‌తో సమానం. అప్పుడు కస్టమర్ ఎటు మారినా మనకు నష్టం లేదు. అమ్మకం 330కి తగ్గి, పెద్ద బ్రాండ్ 740కి చేరిందనుకోండి. మొత్తం 1070 ప్యాకెట్లు, లాభం 18,190. తక్కువ అమ్మినా లాభం ఎక్కువ. ధర పెంచితే ఎవరూ కొనడం లేదంటే మిల్లుతో కొనుగోలు ధర మళ్లీ మాట్లాడాలి. అదీ కుదరకపోతే ఆ సరుకును విస్తరణ జాబితాలోంచి తీసేయడమే మంచిది.

రిబేటు ఒప్పందం కూడా తీసి చదవండి. అది శ్లాబుల మీద ఉంటే, పెద్ద బ్రాండ్ అమ్మకం ఒక గీత దాటి పడిపోగానే మిగిలిన 700 ప్యాకెట్ల మీద కూడా ఆ 3 పోవచ్చు. అన్ని స్టోర్లకూ విస్తరిస్తే ఆ గీత కిందికి పడతామా అన్నది ఇప్పుడే లెక్క వేసుకోవాలి.

సమస్య: మొదటి నెల జోరు, తర్వాత అమ్మకం జారిపోతోంది

ప్రారంభ ఆఫర్ వల్ల ఒకసారి కొని చూసినవాళ్లు మళ్లీ రావడం లేదు. మొత్తం అమ్మకం అంకెలో ఇది ఆలస్యంగా బయటపడుతుంది. లాయల్టీ కార్డు డేటాలో మొదటి నెల కొన్నవాళ్లను పట్టుకుని, తర్వాత వాళ్లు పిండి కొన్నారా, కొంటే ఏది కొన్నారో చూడండి. 5 కిలోల ప్యాకెట్ చాలా ఇళ్లలో కొన్ని వారాలు వస్తుంది. అందుకని కనీసం రెండు మూడు కొనుగోళ్లు జరిగేంత కాలం ఆగకుండా తీర్పు చెప్పకండి.

పెద్ద బ్రాండ్‌కు తిరిగి వెళ్లారంటే నాణ్యత మీద అనుమానం పెట్టుకోవాలి. ఆమోదించిన శాంపిల్ ఒకలా, తర్వాతి లాట్లు ఇంకోలా ఉండటం పిండిలో మామూలే. గోధుమ మారితే ప్రోటీన్ మారుతుంది, ముద్ద సాగే తీరు మారుతుంది. షెల్ఫ్ మీంచే వేర్వేరు లాట్ల ప్యాకెట్లు తీసుకుని తేమ, ప్రోటీన్ పరీక్ష చేయించండి. పేరు కనపడకుండా పెద్ద బ్రాండ్‌తో పక్కపక్కన వండి చూపించండి. తేడా తేలితే ఒప్పందంలో హద్దులు అంకెల్లో రాయించి, అవి దాటిన లాట్‌ను వెనక్కి పంపే హక్కు పెట్టుకోవాలి. ధర తగ్గించి దీన్ని సరిచేయలేం.

సమస్య: కొన్ని స్టోర్లలో అసలు కదలడం లేదు

ముందు షెల్ఫ్ దగ్గరికి వెళ్లండి. సిస్టమ్‌లో స్టాక్ ఉన్నా సరుకు గోడౌన్‌లోనే ఉండిపోయి, షెల్ఫ్ ఖాళీగా ఉండొచ్చు. ఖాళీగా ఉన్న రోజులను లెక్కలోంచి తీసేశాకే ఆ స్టోర్‌ను మిగతావాటితో పోల్చండి.