చెత్తగుట్ట లోపల – మూడో పాఠం: ముప్పై సెంటీమీటర్ల గీత

పోయిన పాఠం చివర ఒక లెక్క ఇచ్చాను. ల్యాండ్‌ఫిల్ అడుగున 60 సెంటీమీటర్ల మందాన బాగా దిమ్మిస చేసిన బంకమట్టి ఉంది. దాని మీద 30 సెంటీమీటర్ల లోతున లీచేట్, అంటే చెత్తలోంచి ఊరి దిగిన మురుగు, నిలిచి ఉంది. మట్టి పారగమ్యత, అంటే అది నీటిని తన గుండా ఎంత తేలిగ్గా పోనిస్తుందో చెప్పే కొలత, సెకనుకు 10⁻⁹ మీటర్లు. హెక్టారుకు రోజుకు ఎంత దిగిపోతుంది అన్నది ప్రశ్న.

మట్టి అడుగు నుంచి కొలిస్తే నీటి ఎత్తు 90 సెంటీమీటర్లు, అది దాటాల్సిన మట్టి 60 సెంటీమీటర్లు. ఒకదాన్ని రెండోదానితో భాగిస్తే 1.5 వస్తుంది. దాన్ని పారగమ్యతతోనూ, 10,000 చదరపు మీటర్లతోనూ, రోజులోని 86,400 సెకన్లతోనూ గుణిస్తే దాదాపు 1,300 లీటర్లు. ఏ లోపమూ లేని మట్టి పొర నుంచి దిగేదే ఇంత. నిబంధనలు కోరినంత మంచి మట్టే ఇది. అయినా ప్రతి రోజూ ఒక చిన్న ట్యాంకెడు మురుగు భూమిలోకి పోతూనే ఉంటుంది.

మట్టి బదులు 1.5 మిల్లీమీటర్ల మందాన హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్ షీటు ఒక్కటే పరిచామనుకుందాం. షీటు గుండా నీరు దాదాపు దిగదు. కానీ హెక్టారు షీటులో ఎక్కడో ఒకచోట చిల్లు లేకుండా చేయడం చాలా కష్టం. ఒక చదరపు సెంటీమీటరు చిల్లు ఒకటి ఉందని, షీటు కింద ఇసుక ఉందని అనుకోండి. తొట్టి అడుగున రంధ్రం నుంచి నీరు కారే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది; a అంటే చిల్లు వైశాల్యం, h అంటే దాని మీద నిలిచిన నీటి లోతు, g అంటే గురుత్వ త్వరణం:

```
Q = 0.6 × a × √(2gh)
a = 0.0001 m²,  h = 0.3 m
Q ≈ 12.6 m³/day
```

ఒక్క చిల్లు నుంచి రోజుకు 12,600 లీటర్లు! మట్టికంటే షీటు మేలు అనుకున్నవారికి ఈ అంకె గట్టిగా తగలాలి.

ఇక రెంటినీ కలిపి చూద్దాం. అదే మట్టి, దాని మీద అదే షీటు, షీటులో అదే చిల్లు. దీనికి జిరూడ్ అనే ఇంజనీరు 1997లో ఇచ్చిన సూత్రం వాడతారు. షీటు మట్టికి బాగా అంటుకుని ఉన్నప్పుడు అది ఇలా ఉంటుంది (కొలతలన్నీ మీటర్లలో, సెకన్లలో, t అంటే మట్టి మందం, k అంటే దాని పారగమ్యత):

```
Q = 0.21 × [1 + 0.1(h/t)^0.95] × a^0.1 × h^0.9 × k^0.74
```

అంకెలు పెట్టి చూడండి, రోజుకు అర లీటరు కంటే కొంచెం ఎక్కువ వస్తుంది. 12,600 ఎక్కడ, అర లీటరు ఎక్కడ!

ఎందుకింత తేడా? చిల్లులోకి దిగిన నీటికి కింద పోవడానికి దారి లేదు. ఎదురుగా బంకమట్టి. పక్కలకు పాకుదామంటే షీటు మట్టిని అంటిపెట్టుకుని ఉంది. అందుకే చిల్లు చుట్టూ చిన్న వలయం మేరకే నీరు మెల్లగా ఇంకుతుంది. షీటు నీటిని ఆపుతుంది, షీటు ఆపలేని చోట మట్టి ఆపుతుంది. ఈ జంటనే కాంపోజిట్ లైనర్ అంటారు.

ఇందులో అంతా 'అంటుకుని ఉండడం' మీదే ఆధారపడి ఉంది. అంటుకోవడం సరిగా లేకపోతే అదే సూత్రంలో 0.21 స్థానంలో 1.15 వేస్తారు, లీకేజీ అయిదు రెట్లు దాటుతుంది. షీటు ముడతలు పడితే పరిస్థితి ఇంకా అధ్వానం. నల్లటి షీటు ఎండకు మునుపటికంటే 40 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే 100 మీటర్ల పొడవు మీద అరమీటరుకు పైగానే సాగుతుంది. ఆ అదనపు పొడవంతా ముడతలుగా పైకి లేస్తుంది. మధ్యాహ్నం పూట కంకర పోసేస్తే ఆ ముడతలు కిందే ఉండిపోతాయి. ప్రతి ముడత ఒక సన్నని సొరంగం. దాని మీద చిల్లు పడితే నీరు సొరంగం పొడవునా పరుగెత్తి, ఆ మేర మట్టి అంతటి మీదా నిలుస్తుంది. అందుకే పై పొర పోసే పని చల్లటి పూట, షీటు బిగువుగా పరుచుకుని ఉన్నప్పుడు చేయించాలి. పని వేగం కోసం దీన్ని వదులుకునే గుత్తేదారుతో వాదించడానికి నేనెప్పుడూ సిద్ధమే. చిల్లుల్లో ఎక్కువ భాగం పడేది కూడా షీటు అతికేటప్పుడు కాదు, దాని మీద కంకర పోసేటప్పుడు. కాబట్టి అతుకుల పరీక్ష ఒక్కటే చాలదు. కంకర పోశాక విద్యుత్ ప్రవాహంతో చిల్లులు వెతికే పరీక్ష మరోసారి చేయాలి. షీటు కరెంటును పోనివ్వదు. చిల్లు ఉన్నచోట మాత్రం తేమ గుండా కరెంటు కిందికి దిగుతుంది, అది మీటరుకు దొరుకుతుంది.

ఇప్పుడు ఈ పాఠం పేరులోని గీత దగ్గరకు వద్దాం. పై లెక్కలన్నింటిలో 30 సెంటీమీటర్లు అని తీసుకున్నాం. అది ఊరికే తీసుకున్న అంకె కాదు. అమెరికా 1991లో తెచ్చిన నిబంధనల్లో లైనర్ మీద నిలిచే లీచేట్ లోతు అంతకు మించకూడదని ఉంది. అదే నీరు 3 మీటర్లకు చేరిందనుకోండి. సూత్రంలో h మార్చి చూడండి: ఒక్క చిల్లు నుంచి దిగేది రోజుకు ఆరు లీటర్లు దాటుతుంది, అంటే సుమారు పదకొండు రెట్లు. లైనర్ ఎంత మంచిదైనా, దాని మీద నీరు నిలవనివ్వకపోవడమే అసలు రక్షణ. అందుకే లైనర్ మీద వాలుగా కంకర పొర, దానిలో చిల్లుల పైపులు, చివర సంప్, సంప్‌లో పంపు ఉంటాయి.

ఈ కంకర పొర మెల్లగా పూడుకుపోతుంది. కొత్త చెత్త నుంచి వచ్చే లీచేట్‌లో సేంద్రియ ఆమ్లాలు, కరిగిన కాల్షియం దండిగా ఉంటాయి. సూక్ష్మజీవులు ఆ ఆమ్లాలను తినేస్తే కాల్షియం సున్నపు పెళుసులా రాళ్ల సందుల్లో పేరుకుంటుంది. సన్న కంకర తొందరగా మూసుకుపోతుంది. పెద్ద రాళ్లు, ఒకే పరిమాణంలో ఉన్నవి, ఎక్కువ కాలం నిలుస్తాయి. సున్నపురాయి కంకర మాత్రం వాడకూడదు, ఆమ్లానికి అదే కరిగిపోతుంది. పూడిక మొదలైందని ఎలా తెలుస్తుంది? వానలు తగ్గకుండానే పంపు తోడే పరిమాణం నెలనెలా తగ్గుతుంది. దాన్ని చూసి లీచేట్ తగ్గిందని సంతోషించకూడదు; అది లోపలే ఉండిపోతోంది.

లోపలికి వచ్చే నీటిని తగ్గించే పని పై కప్పుది. హెక్టారు మీద ఒక మిల్లీమీటరు నీరు ఇంకితే 10 ఘనమీటర్లు. ఏడాదికి 300 మిల్లీమీటర్లు ఇంకే కప్పులేని గుట్ట హెక్టారుకు 3,000 ఘనమీటర్ల నీరు తాగుతుంది. నిండిన భాగాన్ని మట్టితో, షీటుతో కప్పి వాలు ఇస్తే అందులో చాలా కొద్ది మాత్రమే దిగుతుంది. అయితే నీటిని రానివ్వని కప్పు గ్యాస్‌నూ పోనివ్వదు. చెత్త కుళ్లి పుట్టే గ్యాస్‌లో సగానికి అటూ ఇటూగా మీథేన్, మిగిలింది దాదాపు అంతా కార్బన్ డయాక్సైడ్. తీసుకునే ఏర్పాటు లేకపోతే ఆ గ్యాస్ షీటును పైకి ఉబ్బిస్తుంది, లేదా పక్కనున్న నేల గుండా పాకుతుంది. అందుకే కప్పుతోపాటు గ్యాస్ బావులు తవ్వి, బ్లోయరుతో స్వల్పంగా పీలుస్తారు.

ఈ రెండు కథలూ కలిసే చోటు ఒక గ్యాస్ బావి. మీరు నిర్వాహకులని అనుకోండి. బావి లోతు 20 మీటర్లు, పైనున్న 6 మీటర్లు మూసిన పైపు, కిందిది చిల్లుల పైపు. బావి తల దగ్గర మీటరు పెడితే ఈ రీడింగు వచ్చింది: మీథేన్ 42 శాతం, కార్బన్ డయాక్సైడ్ 36, ఆక్సిజన్ 0.5, మిగిలింది 21.5. ప్రవాహం మాత్రం పోయిన నెలలో సగమే.

ప్రవాహం తగ్గిందని వాల్వు ఇంకా తెరవాలనిపిస్తుంది. ఆగండి. ఆ 'మిగిలింది' నైట్రోజన్. చెత్త నుంచి నైట్రోజన్ అంతగా పుట్టదు, అది గాలిదే. గాలిలో ఒక పాలు ఆక్సిజన్‌కు 3.76 పాళ్ల నైట్రోజన్ ఉంటుంది. ఇక్కడ ఆక్సిజన్ 0.5 అయితే దానికి తోడు రావలసిన నైట్రోజన్ రెండు శాతం కూడా కాదు. తక్కిన దాదాపు 20 శాతం నైట్రోజన్‌తో వచ్చిన ఆక్సిజన్ ఏమైంది? దాన్ని చెత్త తినేసింది. గాలి చెత్త గుండా వస్తోంది, దారిలో కాల్చినట్టే వేడి పుట్టిస్తోంది. ఇదే ప్రమాదం. ఇలా సాగితే బావి ఉష్ణోగ్రత 55 డిగ్రీలు దాటి పెరుగుతుంది, కార్బన్ మోనాక్సైడ్ కనబడుతుంది, చివరికి కప్పు మీద ఒకచోట నేల గుంటగా కుంగుతుంది. లోపల నిప్పు రాజుకుందనడానికి అవి గుర్తులు.

గాలి ఎందుకు వస్తోంది? బావిలోకి నీటిమట్టం కొలిచే టేపు దింపితే పైనుంచి 8 మీటర్ల దగ్గరే తగిలింది. చిల్లుల పైపు 14 మీటర్లలో నీటి పైన మిగిలింది 2 మీటర్లే. పీలుడంతా ఆ రెండు మీటర్ల మీదే పడింది, అది కప్పుకు దగ్గరి భాగం. దగ్గర దారిలో గాలి దొరికితే పీలుడు లోతు నుంచి గ్యాస్‌ను లాగదు. వాల్వు తెరిస్తే ఇంకా గాలి వస్తుంది. వాల్వు తగ్గించి, బావిలో చిన్న పంపు పెట్టి నీరు తోడాలి. కప్పులో చీలికలు ఉన్నాయేమో బావి చుట్టూ చూడాలి.

ఒక జాగ్రత్త. బావిలో నీరు ఎత్తున ఉందంటే లైనర్ మీద కూడా అంత ఎత్తు ఉందని అనుకోకండి. రోజూ చెత్త మీద పోసిన మట్టి పొరలు నడుమ నీటిని ఆపి పట్టుకుంటాయి. పైగా లైనర్‌కు తగలకుండా బావి అడుగును దానికి కొన్ని మీటర్ల ఎగువనే ఆపుతారు. లైనర్ మీది లోతు తెలియాలంటే సంప్‌లోని మట్టాన్నే చూడాలి. రెండూ పుస్తకంలో పక్కపక్క నిలువు వరుసల్లో రాసుకుంటే, ఏది పెరుగుతోందో విడిగా తెలుస్తుంది.

వచ్చే పాఠానికి ఒక అభ్యాసం. పక్క బావి రీడింగు: మీథేన్ 40, కార్బన్ డయాక్సైడ్ 32, ఆక్సిజన్ 6, నైట్రోజన్ 22. ఆక్సిజన్ చాలా ఎక్కువగా ఉంది కాబట్టి ఇది మొదటిదానికంటే ప్రమాదం అనిపించవచ్చు. 6ను 3.76తో గుణించి, వచ్చిన దాన్ని 22తో పోల్చి, గాలి చెత్తలోంచి వస్తోందో బావి తల మీది రబ్బరు గొట్టం అతుకులోంచి వస్తోందో మీరే తేల్చండి.