ఫోన్ లైన్ బ్రాడ్‌బ్యాండ్ నత్తనడక నడుస్తోందా? ముందు ఇంట్లో వైర్లు చూడండి

ఇంగ్లండ్‌లో పాత ఇళ్లలో అద్దెకుండే మనవాళ్ల కోసం ఇది. మా ఇంట్లో ఎవరైనా ఫోన్ ఎత్తితే చాలు, నెట్ పోయేది. రిసీవర్‌లో సన్నగా బుస్సుమనే శబ్దం. కంపెనీకి ఫోన్ చేసే ముందు ఒక పరీక్ష చేశాను.

లైన్ ఇంట్లోకి వచ్చే చోట మాస్టర్ సాకెట్ ఉంటుంది. దాని ముందు పలక అడ్డంగా రెండు ముక్కలుగా ఉంటే, కింది ముక్కకున్న రెండు స్క్రూలు విప్పి ముందుకు లాగండి. లోపల టెస్ట్ సాకెట్ కనిపిస్తుంది. పలక ఊడగానే వేరే గదుల్లోని ఫోన్ సాకెట్లకు వెళ్లే ఎక్స్‌టెన్షన్లన్నీ లైన్ నుంచి విడిపోతాయి. రౌటర్‌ను, ఫోన్ మాటల్నీ నెట్ సిగ్నల్‌నూ విడదీసే చిన్న ఫిల్టర్ ద్వారా అక్కడే పెట్టి, రౌటర్ పేజీలో స్పీడ్ చూడండి. మాకు 2.8 ఉన్నది 6 ఎంబీపీఎస్ దాటింది. అంటే తప్పు బయటి లైన్‌ది కాదు, ఇంటిదే!

వెతికితే పై గదిలో ఫిల్టర్ లేని పాత ఫోన్ దొరికింది. లైన్‌కు తగిలించిన ప్రతి ఫోన్‌కూ, ఫ్యాక్స్‌కూ, అలారం పెట్టెకూ ఫిల్టర్ ఉండాల్సిందే. ఒక్కటి వదిలేసినా గొడవే.

ఆ ఫోన్‌కు ఫిల్టర్ పెట్టినా సగమే బాగుపడింది. మిగతాది బెల్ వైర్ పని. పలక వెనుక 3వ నంబర్ టెర్మినల్‌లో ఉండే ఈ తీగ పాత ఫోన్ల గంట కోసం. ఇప్పుడది యాంటెన్నాలా రొదను పట్టుకుంటుంది. యజమానికి చెప్పి దాన్ని ఊడదీశాను. పలక వెనుక తగిలించిన తీగలు తప్ప, లైన్ వచ్చే వెనుక భాగం జోలికి పోకండి, అది కంపెనీది.